గడువు దాటకముందే పాస్‌వర్డ్‌లు దింపుకోండి

2025 వేసవిలో మైక్రోసాఫ్ట్ తన ఆథెంటికేటర్ యాప్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను విడతలవారీగా ఆపేసింది. జూన్‌లో కొత్త పాస్‌వర్డ్‌లు చేర్చడం ఆగింది. జులైలో వాటంతటవే నిండే సౌకర్యం పోయింది. ఆగస్టు వచ్చేసరికి దాచినవేవీ ఆ యాప్‌లో కనపడలేదు. ముందే ప్రకటించారు కాబట్టి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో జతపడిన పాస్‌వర్డ్‌లు ఎడ్జ్ బ్రౌజర్‌లో దొరికాయి కాబట్టి జనం పెద్దగా ఇబ్బంది పడలేదు. అదే ఏడాది వీపీఎన్‌సెక్యూర్ అనే సంస్థ చేసిన పని వేరు. ‘జీవితకాలం’ అని డబ్బు కట్టించుకున్న ప్లాన్లను ఏప్రిల్ చివరలో రద్దు చేసింది. 2023లో సంస్థను కొనేటప్పుడు ఇలాంటి ఒప్పందాలున్నట్టు తమకు తెలియదన్నది కొత్త యజమానుల వాదన.

ఉచిత సేవకైనా, జీవితకాలపు సేవకైనా ఒక ఆఖరి రోజు ఉంటుందన్నమాట. రెండేళ్లకో మూడేళ్లకో ఒకేసారి డబ్బు కట్టినవాళ్లకు ఆ రోజు ముందే తెలుసు. కానీ కొన్న రోజున చూసిన తేదీ రెండేళ్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? పైగా ఈ ప్లాన్లలో మొదటిసారి ఇచ్చిన తగ్గింపు ధర మళ్లీ రాదు. గడువు తీరాక పూర్తి ధరకు దానంతటదే రెన్యూ అయ్యేలా పెడతారు. కొన్ని కంపెనీలు గడువు ముగియడానికి కొన్ని రోజుల ముందే డబ్బు తీసుకుంటాయి. కాబట్టి ఆఖరి రోజు కోసం ఎదురుచూస్తే ఆలస్యమైనట్టే.

‘రద్దు’ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులున్నాయి. ఆటో రెన్యూవల్ ఆపడం మొదటిది. దీన్ని ఎప్పుడు నొక్కినా నష్టం లేదు, కట్టిన కాలం పూర్తయ్యేదాకా సేవ నడుస్తుంది. డబ్బు వాపసు అడగడం రెండోది. చాలా కంపెనీలు కొన్న తొలి 30 రోజుల్లోపే ఇస్తాయి, ఇచ్చాక ప్రీమియం సేవ వెంటనే ఆగిపోవచ్చు. మూడోది ఖాతా తొలగింపు. ఇది నొక్కితే దాచుకున్నదంతా పోతుంది, తిరిగి రాదు. కోపంలో ఉన్న వినియోగదారుడు మొదటిది నొక్కాల్సిన చోట మూడోది నొక్కేస్తాడు. ఫోన్‌లోంచి యాప్ తీసేయడం ఈ మూడింటిలో ఏదీ కాదు. ప్లే స్టోర్ ద్వారా గానీ, యాపిల్ ద్వారా గానీ కొన్న చందాను అక్కడి సబ్‌స్క్రిప్షన్ల జాబితాలోకి వెళ్లి ఆపాల్సిందే.

భారతీయ కార్డులకు ఇంకో మెలిక ఉంది. 2021 అక్టోబరు 1 నుంచి అమలవుతున్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు నుంచి మళ్లీ మళ్లీ డబ్బు తీసుకునేవాళ్ల విషయంలో కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం రావాలి. రూ.15,000 దాటిన మామూలు చందాలకైతే ప్రతిసారీ ఓటీపీలాంటి అదనపు అనుమతి కావాలి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆ అనుమతినే రద్దు చేయవచ్చు. అయితే బ్యాంకు దగ్గర ఆపినంత మాత్రాన కంపెనీ దగ్గర చందా రద్దైనట్టు కాదు. రెండు చోట్లా ఆపడమే మేలు.

వీపీఎన్ సంగతి తేలిగ్గానే తేలుతుంది. దాచుకున్న సమాచారం అంటూ అందులో దాదాపు ఏమీ ఉండదు. రెండు విషయాలు చూసుకుంటే చాలు. అదనపు డబ్బు కట్టి సొంత ఐపీ చిరునామా తీసుకుని, ఆఫీసు సర్వర్‌లో దానికే ప్రవేశం ఇప్పించుకుని ఉంటే, ముందుగా అక్కడ మార్పించాలి. ‘కిల్ స్విచ్’ వేసి ఉంటే దాన్ని ఆపాకే యాప్ తీసేయాలి. వీపీఎన్ కలవనప్పుడు ఇంటర్నెట్‌ను పూర్తిగా కోసేయడమే దాని పని. గడువు తీరిన మర్నాడు నెట్ రావడం లేదని కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

అసలు కష్టం పాస్‌వర్డ్ మేనేజర్‌తో. విజయవాడలో ఒక కుటుంబం మూడేళ్ల ప్లాన్ తీసుకుందనుకుందాం. నవంబరు 24తో గడువు ముగుస్తుంది. ఖాతాలో మొత్తం 212 ఎంట్రీలున్నాయి: 190 లాగిన్‌లు, 14 నోట్లు, 8 బ్యాంకు కార్డులు. కొన్ని నోట్లకు ఆధార్, పాన్ కార్డు, ఇంటి దస్తావేజు స్కాన్లు జత చేసి ఉన్నాయి. ఇంటాయన అక్టోబరు చివర్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎక్స్‌పోర్ట్ నొక్కాడు. ఏ రూపంలో కావాలని అడిగితే, పేరు తెలిసినది కదా అని సీఎస్‌వీ ఎంచుకున్నాడు. ఫైల్ దిగింది. ‘పూర్తయింది’ అని తెర మీద వచ్చింది.

కొత్త మేనేజర్‌లోకి ఎక్కించాక లెక్క చూస్తే 204. ఎనిమిది తక్కువ. కార్డులన్నీ పోయాయి.

ఇది ఆ మేనేజర్ లోపం కాదు. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన అక్షరాల వరుసలు, అంతకు మించి ఏమీ లేదు. ఉదాహరణకు బిట్‌వార్డెన్ ఇచ్చే సీఎస్‌వీ ఫైల్ మొదటి వరుస ఇలా ఉంటుంది:

```
folder,favorite,type,name,notes,fields,reprompt,login_uri,login_username,login_password,login_totp
```

ఇందులో కార్డు నంబరుకు గడి లేదు. జత చేసిన స్కాన్లు పట్టే చోటూ లేదు. లాగిన్‌లు, నోట్లు మాత్రమే వస్తాయి. అదే మేనేజర్ `.json` రూపంలో ఇచ్చే ఫైల్‌లో కార్డులు కూడా ఉంటాయి. స్కాన్లు కావాలంటే జిప్ రూపం ఎంచుకోవాలి, లేదా ఒక్కొక్కటీ విడిగా దింపుకోవాలి. వన్‌పాస్‌వర్డ్‌లో `.1pux` అనే సొంత రూపం ఉంది. జత చేసిన పత్రాలు అందులో వస్తాయి, సీఎస్‌వీలో రావు. ఈ ఎగుమతి ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్‌లోని యాప్ కావాలి. చెత్తబుట్టలో వేసిన ఎంట్రీలు, వేరేవాళ్లు పంచుకున్నవి కూడా తరచూ ఎగుమతిలో చేరవు. డాలస్‌లో ఉన్న కొడుకు తన వైపు నుంచి పంచిన పాస్‌వర్డ్‌లను అతనే దింపి పంపాలి.

ఫైల్‌కు తాళం వేసి ఇచ్చే రూపం కూడా కొన్నిటిలో ఉంటుంది. అదే భద్రమని ఎంచుకుంటారు, సహజమే. కానీ బిట్‌వార్డెన్‌లో తాళం వేసిన ఎగుమతి రెండు రకాలు. ఒకటి మీరు పెట్టిన పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటుంది. రెండోది ఆ ఖాతాకే కట్టుబడి ఉంటుంది, అంటే అదే ఖాతాలోకి తప్ప ఎక్కడా ఎక్కదు. ఖాతా తొలగించాక ఆ ఫైల్ ఎందుకూ పనికిరాదు. వదిలి వెళ్లిపోయేవాళ్లు మొదటి రకమే తీసుకోవాలి.

సీఎస్‌వీ దిగగానే దాని మీద రెండుసార్లు నొక్కితే ఎక్సెల్ తెరుచుకుంటుంది. అక్కడ ఇంకో ప్రమాదం పొంచి ఉంది. 0472 అనే పిన్‌ను ఎక్సెల్ సంఖ్యగా భావించి 472 చేస్తుంది. 16 అంకెల సంఖ్యలో 15 అంకెలే నిలుస్తాయి, చివరిది సున్నా అయిపోతుంది. తెలుగులో రాసుకున్న నోట్లు ‘à°’ లాంటి పిచ్చి గుర్తులుగా కనపడటం కూడా మామూలే. గుర్తులను చూసి కంగారు పడనక్కర్లేదు, ఫైల్‌లో అసలు అక్షరాలు క్షేమంగానే ఉంటాయి. కాకపోతే ఆ స్థితిలో సేవ్ నొక్కకూడదు. నొక్కితే పోయిన సున్నాలు ఇక రావు. చూడాలనిపిస్తే నోట్‌ప్యాడ్‌లో చూడండి. తెలుగు తెలుగుగానే కనపడుతుంది.

లెక్క సరిపోతే పని అయిపోయినట్టేనా? కాదు. బ్యాంకు, ఈమెయిల్, డీమ్యాట్ లాంటి పది ముఖ్యమైన ఎంట్రీలను పాత చోటా కొత్త చోటా పక్కపక్కన పెట్టి చూడాలి. రెండో అంచె భద్రతకు వచ్చే ఆరంకెల కోడ్‌లను కూడా మేనేజర్‌లోనే పెట్టుకున్నవాళ్లకు ఒక కచ్చితమైన పరీక్ష ఉంది. ఒకే క్షణంలో రెండు యాప్‌లూ తెరిస్తే రెండింట్లో ఒకే ఆరంకెలు కనపడాలి. కనపడితే రహస్య సంకేతం సరిగ్గా వచ్చినట్టు. వేరుగా ఉంటే, లేదా ఆ గడి ఖాళీగా ఉంటే, పాత మేనేజర్ ఇంకా పనిచేస్తుండగానే ఆ వెబ్‌సైట్‌లోకి వెళ్లి కోడ్‌ను కొత్తగా అమర్చుకోవాలి. పాస్‌కీలదీ ఇదే దారి. అవి సీఎస్‌వీలో రావు. యాప్ నుంచి యాప్‌కు నేరుగా పంపే ప్రమాణాన్ని ఫిడో కూటమి రూపొందించింది, ఐఓఎస్ 26లో యాపిల్ దానికి చోటిచ్చింది. కానీ రెండు యాప్‌లూ దాన్ని పాటిస్తేనే ఉపయోగం. లేకపోతే ప్రతి సైట్‌లోనూ కొత్త పాస్‌కీ చేసుకోవడం తప్పదు.

గడువు దాటిపోయిందని ఇప్పుడు గమనించినవాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. వన్‌పాస్‌వర్డ్ చందా ముగిశాక ఖాతాను గడ్డకట్టిస్తుంది: కొత్తవి చేర్చలేరు, మార్చలేరు, కానీ ఉన్నవి చూడవచ్చు, ఎగుమతి చేసుకోవచ్చు. బిట్‌వార్డెన్ ప్రీమియం పోతే ఉచిత ఖాతాగా మిగులుతుంది. అన్ని కంపెనీలూ ఇంత ఉదారంగా ఉంటాయన్న హామీ మాత్రం లేదు.

ఇక మిగిలింది ఆ ఫైల్. తాళం వేయని ఎగుమతిలో ఇంటిల్లిపాది పాస్‌వర్డ్‌లూ పచ్చిగా చదువుకునేలా ఉంటాయి. చాలా విండోస్ కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌కు జతపడి ఉంటాయి. అక్కడ దింపితే ఒక నకలు వెంటనే క్లౌడ్‌కు వెళ్లిపోతుంది. మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో తనకు తాను పంపుకోవడం అంతకన్నా చెడ్డది. జతపడని ఫోల్డర్‌లో దింపి, ఎక్కించి, సరిచూసుకుని, అదే పూట తుడిచేయాలి. రీసైకిల్ బిన్‌నూ ఖాళీ చేయాలి. ఒక నకలు దాచుకోవాలనుకుంటే కీపాస్‌ఎక్స్‌సీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లోకి ఎక్కించి పెట్టుకోవచ్చు. సీఎస్‌వీని, వన్‌పాస్‌వర్డ్ ఫైళ్లను అది చదవగలదు. దాచేదంతా తాళం వేసిన ఒకే ఫైల్‌లో ఉంటుంది, దానికి చందా ఉండదు.

పాత ఖాతాను మాత్రం అలా వదిలేయకూడదు. 2022లో లాస్ట్‌పాస్ నుంచి దొంగలు ఖాతాదారుల తిజోరీల బ్యాకప్ నకళ్లు ఎత్తుకుపోయారు. పాస్‌వర్డ్‌లకు తాళం ఉన్నా, వెబ్‌సైట్ చిరునామాలకు లేదు. ఏళ్లనాటి కొన్ని ఖాతాల్లో ఆ తాళం కూడా నేటి ప్రమాణాలకు బలహీనమే. చందా ఆపి ఖాతా అలాగే ఉంచేవాళ్లకు ఇలాంటి ముప్పు వెన్నంటే ఉంటుంది. అందుకే కొత్త మేనేజర్‌ను రెండు మూడు వారాలు వాడి చూసి, ఏదీ తప్పిపోలేదని తేలాక, పాత ఖాతాలో తొలగింపు మీట నొక్కాలి. తర్వాత బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లను కొత్తగా మార్చుకోవాలి. తొలగించిన ఖాతా తాలూకు పాత బ్యాకప్ నకళ్లు కంపెనీ దగ్గర ఇంకొన్నాళ్లు ఉండవచ్చు. వాటిలో ఉన్నవి పాత పాస్‌వర్డ్‌లే అవుతాయి.