ఉత్తుత్తి సంతలో చిల్లర లెక్క

యాభై రూపాయల నోటిచ్చి ఇరవై రూపాయల పెన్సిల్ డబ్బా కొంటే మూడు పది నోట్లు తిరిగొస్తాయి. పసిపిల్లల కంటికి అది లాభమే. ఒక్క కాగితం ఇచ్చినందుకు డబ్బా వచ్చింది, పైగా మూడు కాగితాలొచ్చాయి! ఇటలీలో బెర్తీ, బొంబీ అనే పరిశోధకులు 3 నుంచి 8 ఏళ్ల పిల్లలను పరిశీలించి, డబ్బు సంగతి మెట్లుమెట్లుగా తెలుస్తుందని 1981లో వివరించారు. మొదట్లో డబ్బివ్వాలన్నదే తెలియదు. తర్వాత ఏ నాణెంతో ఏదైనా కొనొచ్చు అనుకుంటారు. చిల్లర ఎందుకిస్తారో బోధపడేది అన్నిటికన్నా చివర్లోనే.

కాబట్టి తరగతి గదిలో సంత ఆట పెట్టినప్పుడు చిల్లర దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. కూరలు 63 రూపాయలు, ఇచ్చింది వంద నోటు అనుకుందాం. పలక మీద తీసివేస్తూ, పదుల నుంచి అప్పు తెచ్చిన సంగతి మరిచిన పిల్లవాడు 47 అంటాడు. కొట్లో కూర్చున్నవాళ్లు ఇలా తీసివేయరు, పైకి లెక్కపెడతారు. రెండు రూపాయలు పెట్టి ‘65’, ఐదు పెట్టి ‘70’, పది పెట్టి ‘80’, ఇరవై పెట్టి ‘వంద’ అంటారు. చేతిలో పడ్డది 37. ఇలా బయటికి లెక్కపెడుతుంటే కొనే పిల్ల కూడా సరిచూసుకోగలదు. చిల్లర అందేదాకా వంద నోటు బల్ల మీదే ఉండాలన్న నియమం కూడా పెట్టాలి. అప్పుడు ‘నేనిచ్చింది వంద’, ‘కాదు, యాభై’ అనే తగాదా రాదు.

బేరం ఇంకాస్త కష్టం. ఊరికే ఆడనిస్తే అరిచిన పిల్లదే గెలుపవుతుంది, అమ్మే పిల్లవాడు అడిగిన ధరకల్లా ఇచ్చేస్తాడు. పోయేది తన సొమ్మని అతనికి అనిపించదు మరి. అందుకని అమ్మేవాడి దగ్గర కొన్న ధర రాసిన చీటీ ఒకటి దాచి ఉంచాలి. టమాటా కిలో 24కి కొన్నాడు, 32 చెబుతున్నాడు. కొనే పిల్ల తగ్గించమంటే కారణం చెప్పాలి: కొన్ని మెత్తబడ్డాయనో, రెండు కిలోలు తీసుకుంటాననో. ధర తగ్గించడం ఇష్టం లేకపోతే కొసరు వేయొచ్చు. 28కి తెగాక చీటీ విప్పితే కిలోకి నాలుగు రూపాయలు మిగిలినట్టు ఇద్దరికీ తెలుస్తుంది. మర్నాటి సరుకు ఆ గల్లా డబ్బుతోనే కొనమంటే, 20కి తెగనమ్మినవాడికి నష్టం తెలిసొస్తుంది. తర్వాత పాత్రలు మార్చాలి.

ఒక్క ఆటతో అంతా వచ్చేస్తుందనుకోకూడదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలపై అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం జరిపిన అధ్యయనం 2025లో ‘నేచర్’లో వచ్చింది. బేరాల్లో చిక్కు లెక్కలు నోటితో చేసేసే ఆ పిల్లల్లో చాలామంది అలాంటివే పుస్తకంలో లెక్కలుగా ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలకేమో బజారు లెక్కలు కష్టమయ్యాయి. అందుకే సంత సర్దేయకముందే, బల్ల మీద ఇచ్చిన 37 రూపాయల చిల్లర పక్కన 100 - 63 తీసివేతను పలక మీద వేయించి, రెండూ ఒకటే ఎలా అయ్యాయో పిల్లల నోటితోనే చెప్పించాలి.