అంచెలు పెంచితే తగ్గే వోల్టేజీ

దోమల బ్యాట్‌లో ఉండే బ్యాటరీ సుమారు 4 వోల్టులది. బటన్ నొక్కితే జాలీ మీద వెయ్యి వోల్టులకు పైగా వస్తుంది. లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే అంత పెంచదు. అది కొన్ని వందల వోల్టుల దాకా తెస్తే, మిగతా పని కొన్ని డయోడ్లు, కెపాసిటర్లు చేస్తాయి. ఈ అమరికనే వోల్టేజ్ మల్టిప్లయర్ అంటారు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ప్రమాదం లేని 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుందాం. 12 అన్నది ఏసీకి కట్టే ఒకరకం సగటు. అల శిఖరం, అంటే పీక్, సుమారు 17 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ పై కొస మైనస్‌గా ఉన్న అరక్షణంలో మొదటి డయోడ్ తెరుచుకుని, మొదటి కెపాసిటర్‌ను 17 వోల్టులకు నింపుతుంది. అల తిరగబడగానే ఆ డయోడ్ మూసుకుంటుంది. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ 17, కెపాసిటర్‌లో దాచిన 17 ఒకదానిమీద ఒకటి చేరి, రెండో డయోడ్ గుండా రెండో కెపాసిటర్‌ను 34 వోల్టులకు నింపుతాయి. రెండు డయోడ్లు, రెండు కెపాసిటర్లు కలిస్తే ఒక అంచె. దానిమీద ఇంకో అంచె పెడితే 68, నాలుగు అంచెలైతే 136. ప్రతి డయోడ్ దగ్గరా 0.7 వోల్టు పోతుంది కాబట్టి చేతికందేది కాస్త తక్కువ.

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హైన్రిచ్ గ్రైనాకర్ ముందే చూపిన ఈ పద్ధతితోనే కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ కేంబ్రిడ్జిలో లక్షల వోల్టులు పుట్టించారు. 1932లో వాళ్లు ప్రోటాన్లతో లిథియం పరమాణు కేంద్రకాన్ని చీల్చారు. ఆ పనికి 1951లో నోబెల్ బహుమతి వచ్చింది. అందుకే ఈ సర్క్యూట్‌కు వాళ్ల పేరే నిలిచింది.

మరి అంచెలు పెంచుకుంటూ పోతే ఎంతైనా తీసుకోవచ్చా? కరెంటు వాడనంతసేపూ లెక్క బాగానే ఉంటుంది. వాడటం మొదలుపెడితే కథ మారుతుంది. మన ట్రాన్స్‌ఫార్మర్‌కు అన్నీ 100 మైక్రోఫారడ్ కెపాసిటర్లే పెట్టి, చివర 10 మిల్లీయాంపులు లాగుదాం. రెండు అంచెల సర్క్యూట్ ఖాళీగా ఉంటే సుమారు 65 వోల్టులు ఇస్తుంది. లోడ్ తగిలించగానే 14 వోల్టులు పడి, 51 మిగులుతుంది. మూడు అంచెలైతే 98 నుంచి 54కు దిగుతుంది. ఒక అంచె అదనంగా కట్టినందుకు దక్కింది మూడు వోల్టులే. నాలుగో అంచె కూడా కడితే ఖాళీగా 130 చూపినది, లెక్క ప్రకారం దాదాపు 100 వోల్టులు కోల్పోయి 30 దగ్గర నిలుస్తుంది. రెండు అంచెలు ఇచ్చినదానికన్నా ఇది తక్కువ!

కారణం కింది అంచెలో ఉంది. స్లాబు వేసేటప్పుడు కాంక్రీటు తట్టలు చేతులు మారుతూ పైకి వెళ్లినట్టు, ఇక్కడ విద్యుదావేశం అంచె నుంచి అంచెకు ఎక్కుతుంది. పైన వాడే ప్రతి చుక్కకూ కింది కెపాసిటర్ ఒక్కో అలకు అన్ని అంచెల వంతు ఆవేశాన్నీ పైకి పంపాలి. అందుకే అది ఎక్కువగా ఖాళీ అవుతుంది. ఆ లోటు పైకి వెళ్లేకొద్దీ కూడుకుంటూ పోతుంది. అంచెలు రెట్టింపైతే వోల్టేజీ పడిపోవడం సుమారు ఏడెనిమిది రెట్లవుతుంది.

ఈ పతనం `I/(fC)` మీద ఆధారపడుతుంది. కాబట్టి కరెంటు తగ్గించాలి, లేదా కెపాసిటర్ పెంచాలి, లేదా ఫ్రీక్వెన్సీ పెంచాలి. 100కు బదులు 1000 మైక్రోఫారడ్లు పెడితే నాలుగు అంచెల్లో పడేది 10 వోల్టులే. ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్‌జ్ నుంచి 50 వేలకు పెంచితే, 100 మైక్రోఫారడ్లు చేసే పనిని 0.1 మైక్రోఫారడ్ చేస్తుంది. అక్కడ మామూలు 1N4007 డయోడ్ తగినంత త్వరగా మూసుకోలేక వేడెక్కుతుంది. వేగంగా మూసుకునే UF4007 లాంటివి వాడాలి. దోమల బ్యాట్‌లో ఈ రెండు వసతులూ ఉన్నాయి. దాని ఆసిలేటర్ సెకనుకు వేలసార్లు కొట్టుకుంటుంది. దోమ తగిలిన క్షణంలో తప్ప జాలీ కరెంటు దాదాపు అడగదు.

కట్టిన సర్క్యూట్ సరిగా ఉందో లేదో తేల్చుకోవాలంటే లోడ్ లేకుండా ఒక్కో కెపాసిటర్ మీద మీటర్ పెట్టాలి. మొదటిదాని మీద 16 వోల్టులు, మిగతా ప్రతిదాని మీదా 32 వోల్టుల చుట్టుపక్కల కనిపించాలి. ఒకటి బాగా తక్కువ చూపితే దాన్ని, దాని పక్క డయోడ్‌నూ అనుమానించండి. కెపాసిటర్లు 50 వోల్టులవి పెట్టండి. ప్లస్ మైనస్ తారుమారైతే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వేడెక్కి ఉబ్బుతుంది, పేలవచ్చు కూడా. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా గోడ ప్లగ్‌కు నేరుగా కలపవద్దు. అక్కడ పీక్ 325 వోల్టులు. స్విచ్ ఆపాక కూడా ఆవేశం కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. ముట్టుకునే ముందు ఒక్కొక్కదాన్నీ ఒక రెసిస్టర్ గుండా ఖాళీ చేసి, మీటర్ సున్నా చూపేదాకా ఆగాలి.