లోపల వదిలిన అంగుళం

వీధికి నాలుగు కుట్టుమిషన్లు వెలసిన రోజులివి. ఒక గుమ్మానికి "ఇచ్చట జాకెట్లు కుట్టబడును" అన్న అట్ట వేలాడితే, నెల తిరక్కుండా ఎదురింటి గుమ్మానికీ అదే అట్ట. కొత్తగా మిషను కొన్న ఇల్లాలికి మొదట తోచే ఉపాయం కూలి తగ్గించడం. తగ్గించడం ఎదురింటావిడకీ చేతనవును. అంతటితో ఆ ఉపాయం సరి!

అలాకాక, పొరుగిళ్లకు వెళ్లినప్పుడు "మీ బీరువాలో తొడుక్కోకుండా పడివున్న జాకెట్లేవి? ఎందుకు పడివున్నాయి?" అని అడిగి చూడండి. "ఉతికితే ముడతలు పడిందమ్మా", "ఏడాదికే బిగుతైపోయింది" అన్న మాటలు తప్పక వినిపిస్తాయి. బేరం ఆ బీరువాలోనే వుంది.

ముడతల సంగతి తేలిక. పైన పట్టు, లోపల నూలు లైనింగు. నీళ్లు తగిలితే నూలు ముడుచుకుంటుంది, పట్టు అంతగా ముడుచుకోదు. లైనింగు గుడ్డను ముందురోజు రాత్రి నానవేసి, ఆరవేసి, ఇస్త్రీ చేసి కత్తిరిస్తే ఆ బాధ చాలామటుకు తప్పుతుంది.

బిగుతు సంగతే అసలైనది. మనిషి ఒళ్లు ఒక్కలా వుండదు కదా! ముప్ఫయ్యారు అంగుళాల ఛాతీకి జాకెట్టు కుడుతున్నారనుకోండి. రెండు పక్కలా కలిపి కుట్టే అంచులు నాలుగు: ముందువి రెండు, వెనుకవి రెండు. ఒక్కొక్క అంచున కుట్టు బయట అంగుళం గుడ్డ వదలండి. రేపు విప్పవలసి వస్తే ఒక్కో అంచున ముప్పావు అంగుళం తీసుకున్నా, కుట్టు నిలవడానికి పావు అంగుళం మిగులుతుంది. నాలుగు ముప్పావులు మూడు. ముప్ఫయ్యారు కాస్తా ముప్ఫయితొమ్మిది అవుతుంది.

చాలామంది పొరపడేది చేతి దగ్గర. ఒంటికి గుడ్డ వదిలి చేతికి వదలకపోతే, విప్పిన రోజున చంక గుండ్రం పెరుగుతుంది, చెయ్యి మాత్రం పెరగదు. రెండూ కలవవు. కనుక చేతి అడుగు కుట్టుకూ అంతే వదలాలి. పైగా చేతిని ముందే భుజానికి అతికి, నడుము నుంచి చంక మీదుగా చేతి చివరిదాకా ఒకే వరుసలో కుట్టాలి. అప్పుడు వదులు చేయడమంటే పక్కన కొత్త వరుస వేసి పాతది విప్పడమే. చేతిని విడిగా గుండ్రంగా అతికితే చంకంతా విప్పుకోవలసిందే.

దీనికి హద్దులున్నాయి. భుజం, మెడ ఇలా పెరగవు. పట్టు మీద పాత సూదిగుర్తులు చంక కింద సన్నగా కనిపిస్తాయి. భారీ మనిషికి, మోచేతి దాకా చేతులకు ఎనభై సెంటీమీటర్ల ముక్క చాలకపోవచ్చు. ఇవన్నీ గుడ్డ పుచ్చుకునేటప్పుడే చెప్పడం మేలు.

"ఏడాది లోపల ఒకసారి ఊరికే వదులు చేసిస్తాను" అని చెప్పాక, కొత్తగా వచ్చినవారు మొదట ఏం అడిగారో పుస్తకంలో రాసుకోండి. "కూలి ఎంత?" అనే వస్తూంటే మీ మాట ఇంకా వీధి దాటలేదన్నమాట. ఎదురింట్లో కుట్టించిన జాకెట్టు పట్టుకొచ్చి "ఇది కాస్త వదులు చేస్తారా వదినగారూ?" అన్నారంటే దాటినట్టే. విప్పి చూస్తే లోపల గుడ్డ వుండదనుకోండి, అది వేరే సంగతి.