డ్రాయింగ్‌లో 30 ఉంటే ప్రోగ్రామ్‌లో 30.008 ఎందుకు?

ఒక మోటారు షాఫ్టును తీసుకుందాం. దాని చివర 6206 నంబరు బేరింగు కూర్చోవాలి. ఆ బేరింగు రంధ్రం 30 మిల్లీమీటర్లు కాబట్టి డ్రాయింగ్‌లో షాఫ్టు వ్యాసాన్ని కూడా 30 అనే రాస్తారు. పక్కనే చిన్న అంకెల్లో +0.015, దాని కింద +0.002 ఉంటాయి. రెండూ ప్లస్సే. అంటే సైజు 30.002కు తగ్గకూడదు, 30.015 దాటకూడదు. సరిగ్గా 30.000 వచ్చిన షాఫ్టు రిజెక్టే!

ఇది డిజైనర్ చాదస్తం కాదు. మామూలు రకం బేరింగు రంధ్రం 30 మి.మీ. నుంచి 10 మైక్రాన్ల దాకా తక్కువ ఉండొచ్చు గానీ ఎక్కువ ఉండదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. షాఫ్టు కాస్త పెద్దదిగా ఉంటేనే బేరింగు దానిమీద బిగుతుగా కూర్చుంటుంది. కాబట్టి డ్రాయింగ్‌లోని 30 ఆ జోడీకి పేరు మాత్రమే. మనం కోయాల్సిన సైజు అది కాదు.

ఇదే షాఫ్టు మీద పక్కన మరో మెట్టు ఉంది. వ్యాసం 40, టాలరెన్స్ −0.025, −0.050. అది ఒక బుష్‌లో వదులుగా తిరగాలి. అందుకని 39.975కు, 39.950కు మధ్య ఉండాలి. రెండు వ్యాసాలనూ ఒకే ఫినిషింగ్ టూల్ ఒకే పాస్‌లో కోస్తుంది. అసలు చిక్కు ఇక్కడే.

ప్రోగ్రామర్ డ్రాయింగ్ చూసి X30, X40 అని రాశాడనుకుందాం. మెషిన్ చెప్పినట్టే కోసింది. మైక్రోమీటర్ పెడితే 30.000, 40.000 వచ్చాయి. రెండూ తప్పే. ఆపరేటర్ వేర్ ఆఫ్‌సెట్‌లో 0.008 పెంచాడు. బేరింగు సైజు కుదిరింది గానీ పక్క మెట్టు 40.008 అయింది. దాన్ని సరిచేద్దామని మొదటి విలువ మీద 0.038 తగ్గించాడు. ఈసారి అది 39.962కు వచ్చి, బేరింగు చోటు 29.962కు పడిపోయింది. కోసేసిన లోహాన్ని తిరిగి అతికించలేం కాబట్టి ఆ షాఫ్టు స్క్రాప్. ఆఫ్‌సెట్ ఆ టూల్ కోసే అన్ని వ్యాసాలనూ ఒకే లెక్కన జరుపుతుంది. రెండింటి మధ్య తేడాను మార్చలేదు. ప్రోగ్రామ్‌లో తేడా 10.000 ఉంది, కావలసింది 9.954.

ఆ తేడాను ప్రోగ్రామ్‌లోనే సరిచేయాలి. అందుకు లెక్క చిన్నదే. రెండు హద్దులనూ పూర్తి సైజులుగా రాసి, కూడి, సగం చేయాలి. 30.002, 30.015ల సగం 30.0085. హద్దుల మధ్య దూరం 0.013, దానిలో సగం 0.0065. కాబట్టి సైజు 30.0085 ± 0.0065. రెండో దానికి 39.9625 ± 0.0125. వచ్చిన జవాబుకు ± విలువను ఒకసారి కూడి, ఒకసారి తీసేస్తే డ్రాయింగ్ హద్దులు తిరిగి రావాలి. ఈ పరీక్ష మానొద్దు. కొత్తవాళ్లు హద్దుల తేడాలో సగాన్ని నేరుగా 40కి కలిపేస్తుంటారు. పూర్తి సైజులు రాసుకుంటే ఆ పొరపాటుకు చోటుండదు.

చాలా లేత్ కంట్రోళ్లు దశాంశం తర్వాత మూడు అంకెలే తీసుకుంటాయి. మరి 30.0085ను ఎటు సవరించాలి? ఇన్సర్ట్ అరిగేకొద్దీ బయటి వ్యాసం పెరుగుతుంది. అందుకని నేను కింది వైపు 30.008, 39.962 తీసుకుంటాను. రంధ్రమైతే అరుగుదలతో చిన్నదవుతుంది, కాబట్టి పై వైపు.

```
G01 X30.008 F0.08 (30 +.015/+.002)
Z-18.0
X39.962 (40 -.025/-.050)
Z-60.0
```

డ్రాయింగ్ టాలరెన్స్‌ను ఇలా కామెంట్‌లో ఉంచితే, ఏడాది తర్వాత ఆ ప్రోగ్రామ్ తెరిచినవాళ్లు ఈ వింత అంకెలు చూసి కంగారు పడి మళ్లీ 30 చేయరు. ఇప్పుడు టూల్ అరిగి సైజు 3 మైక్రాన్లు పెరిగితే రెండు వ్యాసాలూ దాదాపు కలిసే పెరుగుతాయి. ఆఫ్‌సెట్‌లో 0.003 తగ్గిస్తే రెండూ కలిసే వెనక్కి వస్తాయి.

ఈ లెక్క అన్నింటికీ మందు కాదు. ఒక వ్యాసం వరసగా ప్రతి షాఫ్టులోనూ రెండోదానికంటే ఎక్కువగా తప్పుతుంటే, అక్కడ జాబ్ వంగుతోందేమో చూడాలి. కోసిన తర్వాత హార్డ్ క్రోమ్ పూత ఉంటే, డ్రాయింగ్ హద్దులు పూతకు ముందువో తర్వాతవో తేల్చుకున్నాకే సగటు తీయాలి. పక్కకు 10 మైక్రాన్ల పూత వ్యాసాన్ని 20 మైక్రాన్లు పెంచుతుంది.

ఇంకొక్క మాట. ఈ సగటు అంకెను ఇన్‌స్పెక్షన్ షీటులోకి ఎక్కించకండి. 30.008 నుంచి సవరించిన ±0.0065 లెక్క వేస్తే హద్దులు అర మైక్రాన్ పక్కకు జరుగుతాయి. అక్కడ డ్రాయింగ్‌లో ఉన్న 30.002, 30.015లే ఉండాలి.