వంగిన గ్రాఫిక్స్ కార్డుకు ఊతం

ఆర్‌టీఎక్స్ 4090 వంటి పెద్ద గ్రాఫిక్స్ కార్డు రెండు కిలోలకు పైగా తూగుతుంది. నిలువుగా నిలబెట్టిన క్యాబినెట్‌లో దాన్ని పట్టుకునేది ఒక పక్కనే: వెనుక స్క్రూలు, మదర్‌బోర్డు స్లాట్. రెండో కొస గాలిలో ఉంటుంది కాబట్టి బరువుకు కిందికి వాలుతుంది. కొద్దిపాటి వంపుతో వెంటనే ముప్పు లేదు. వంపు ఎక్కువై కుదుపులు తోడైతే స్లాట్ దగ్గర కార్డు బోర్డు పగలవచ్చు. అప్పుడు ఫ్యాన్లు తిరుగుతున్నా తెర మీద బొమ్మ రాకపోవచ్చు.

ఊతం పెట్టే ముందు కంప్యూటర్ ఆపి, కరెంటు వైరు తీసేయాలి. వెనుక స్క్రూలు కాస్త వదులు చేసి, కార్డును చేత్తో సమంగా ఎత్తి, మళ్లీ బిగించాలి. ఆ తర్వాతే స్టాండును వేలాడే కొస కింద, ఫ్యాన్ రెక్కలకు తగలకుండా నిలపాలి. అది కార్డును ఆనుకుంటే చాలు. పైకి నెడితే వంపు ఎదురు దిశలో వస్తుంది.

ఇల్లు మారేటప్పుడు ఈ స్టాండును నమ్ముకోకూడదు. దారి కుదుపులకు అది జారి ఫ్యాన్లలో పడొచ్చు. క్యాబినెట్‌ను పడుకోబెట్టి, పవర్ కేబుల్, స్క్రూలు తీసి, స్లాట్ చివరి గొళ్లెం నొక్కి, కార్డును నిటారుగా పైకి లాగాలి. యాంటీస్టాటిక్ కవరులో చుట్టి, దాని సొంత పెట్టెలో విడిగా తీసుకెళ్లాలి. తీయడం కుదరకపోతే స్టాండు తీసేసి, మదర్‌బోర్డు అడుగున ఉండేలా క్యాబినెట్‌ను పడుకోబెట్టే తరలించాలి. అప్పుడు కార్డు స్లాటులో నిలువుగా నిలుస్తుంది, కిందికి వేలాడదు.