ఊదారంగు చిక్కబడుతుందా, పలచబడుతుందా?

రెండు గాజు బుడ్లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. రెండింటి మూతులూ కరిగించి గట్టిగా మూసేశారు. రెండూ 430 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్నాయి. లోపల మూడు వాయువులున్నాయి: హైడ్రోజన్, అయోడిన్ ఆవిరి, ఆ రెండూ కలిస్తే పుట్టే హైడ్రోజన్ అయొడైడ్. వీటిలో రంగున్నది అయోడిన్ ఒక్కటే. దానిది ఊదారంగు. ఈ క్షణాన రెండు బుడ్లలోనూ ఊదా ఒకే చిక్కదనంలో ఉంది. కాసేపాగి చూస్తే ఒక బుడ్డిలో రంగు పలచబడుతుంది, రెండోదానిలో ఇంకా చిక్కబడుతుంది. ఏది ఎటు మారుతుందో ముందే చెప్పవచ్చు. అందుకు చిన్న లెక్క చాలు.

బుడ్డిలో జరిగేది ఇదీ:

H₂ + I₂ ⇌ 2HI

ఎదురెదురుగా ఉన్న ఆ రెండు బాణాల్లోనే కథంతా ఉంది. హైడ్రోజన్, అయోడిన్ కలిసి హైడ్రోజన్ అయొడైడ్ అవుతుంటే, అదే సమయంలో హైడ్రోజన్ అయొడైడ్ విడిపోయి మళ్లీ ఆ రెండూ అవుతుంటుంది. కలిసే వేగం, విడిపోయే వేగం సమానమైనప్పుడు పైకి ఏ మార్పూ కనబడదు. దాన్నే సమతాస్థితి అంటారు. జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ బోడెన్‌స్టైన్ 1890ల్లో ఈ చర్యను ఇలాంటి మూసిన గాజు బుడ్లలోనే పరిశీలించాడు. హైడ్రోజన్, అయోడిన్‌లతో మొదలుపెట్టినా, ఒట్టి హైడ్రోజన్ అయొడైడ్‌తో మొదలుపెట్టినా చివరికి చేరే నిష్పత్తి ఒకటేనని తేలింది.

ఆ నిష్పత్తిని లెక్కగట్టే తీరు అంతకుముందే, 1864లో, నార్వేకు చెందిన గుల్డ్‌బెర్గ్, వాగే చూపించారు. హైడ్రోజన్ అయొడైడ్ గాఢత వర్గాన్ని హైడ్రోజన్, అయోడిన్ గాఢతల లబ్ధంతో భాగించాలి. సమీకరణంలో HI ముందు 2 ఉంది కాబట్టే వర్గం. గాఢత అంటే లీటరుకు ఎన్ని మోల్‌లు ఉన్నాయన్నది. సమతాస్థితి చేరాక ఈ భాగహారం చేస్తే వచ్చేది సమతాస్థితి స్థిరాంకం, K. మన చర్యకు 430 డిగ్రీల దగ్గర దాని విలువ 54.3. ఆ వేడిలో ఉన్నంతసేపూ అది మారదు.

ఇదే భాగహారాన్ని సమతాస్థితి కోసం ఆగకుండా ఇప్పుడున్న గాఢతలతో చేస్తే వచ్చే సంఖ్యను చర్యా భాగఫలం, Q, అంటారు. K చేరవలసిన చోటు, Q ఇప్పుడున్న చోటు. మొదటి బుడ్డిలో హైడ్రోజన్ 0.010, అయోడిన్ 0.010, హైడ్రోజన్ అయొడైడ్ 0.050 ఉన్నాయనుకుందాం. రెండో బుడ్డిలో మొదటి రెండూ అంతే, హైడ్రోజన్ అయొడైడ్ మాత్రం 0.090.

మొదటి బుడ్డి: Q = (0.050)² ÷ (0.010 × 0.010) = 25
రెండో బుడ్డి: Q = (0.090)² ÷ (0.010 × 0.010) = 81

మొదటిదానిలో 25 అన్నది 54.3 కన్నా తక్కువ. హైడ్రోజన్ అయొడైడ్ ఇంకా పుట్టాలి, అంటే చర్య ముందుకు సాగుతుంది. అయోడిన్ ఖర్చవుతుంది, ఊదా పలచబడుతుంది. రెండోదానిలో 81 అన్నది 54.3ను దాటిపోయింది. హైడ్రోజన్ అయొడైడ్ కొంత విడిపోవాలి. అయోడిన్ పెరుగుతుంది, ఊదా చిక్కబడుతుంది. కంటికి ఒకేలా ఉన్న రెండు బుడ్ల దారులు మార్చింది కంటికి కనబడని, రంగులేని వాయువే.

ఈ పోలిక ఎందుకు పనిచేస్తుందంటే, K ను Q తో భాగిస్తే వచ్చేది ముందుకు సాగే వేగానికీ వెనక్కి మళ్లే వేగానికీ ఉన్న నిష్పత్తి. మొదటి బుడ్డిలో అది దాదాపు 2.2. విడిపోయే వేగం కన్నా కలిసే వేగం రెండింతలకు పైగా ఉందన్నమాట. చర్య సాగుతున్నకొద్దీ ఈ తేడా తగ్గుతూ పోయి Q వచ్చి K తో కలుస్తుంది.

దిక్కు తెలిసింది. ఇక ఎంత దూరం వెళ్లి ఆగుతుందో చూద్దాం. అందుకు మూడు వరుసల పట్టిక వేస్తారు. మొదట ఉన్నది, మారేది, చివరికి మిగిలేది అన్న మూడు వరుసల ఇంగ్లిష్ పేర్లలోని తొలి అక్షరాలతో దీన్ని ఐస్ టేబుల్ అంటారు. అయోడిన్ ఎంత ఖర్చవుతుందో తెలియదు కాబట్టి దాన్ని x అందాం. హైడ్రోజన్ కూడా అంతే తగ్గుతుంది. ఒక్కొక్క x కు రెండింతల హైడ్రోజన్ అయొడైడ్ పుడుతుంది.

| | H₂ | I₂ | HI |
|---|---|---|---|
| మొదట | 0.010 | 0.010 | 0.050 |
| మార్పు | −x | −x | +2x |
| సమతాస్థితిలో | 0.010 − x | 0.010 − x | 0.050 + 2x |

చివరి వరుసను భాగహారంలో పెడితే అది 54.3 కావాలి. హైడ్రోజన్, అయోడిన్ సమానంగా ఉన్నాయి కాబట్టి రెండువైపులా వర్గమూలం తీస్తే లెక్క తేలికవుతుంది.

(0.050 + 2x) ÷ (0.010 − x) = 7.37

దీన్ని సాధిస్తే x = 0.00253. అంటే హైడ్రోజన్, అయోడిన్ చెరి 0.00747 దగ్గర, హైడ్రోజన్ అయొడైడ్ 0.0551 దగ్గర ఆగుతాయి. అయోడిన్‌లో దాదాపు నాలుగో వంతు పోయింది. రెండో బుడ్డికి మార్పు వరుసలో గుర్తులు తారుమారవుతాయి: +x, +x, −2x. అక్కడ x = 0.00174 వస్తుంది. అయోడిన్ 0.0117కు పెరుగుతుంది, హైడ్రోజన్ అయొడైడ్ 0.0865కు తగ్గుతుంది.

ఈ లెక్కలో ఎక్కువమంది తడబడేది మార్పు వరుసలోనే. HI కింద 2x బదులు x రాస్తారు. లేదా Q చూడకుండానే చర్య ముందుకు పోతుందని అనుకుంటారు. గుర్తు తప్పయితే x రుణసంఖ్యగా వస్తుంది. అది దిక్కు తప్పిందన్న హెచ్చరిక. హైడ్రోజన్, అయోడిన్ అసమానంగా ఉంటే వర్గమూలం కుదరదు, వర్గ సమీకరణం వస్తుంది. ఉదాహరణకు హైడ్రోజన్ 0.020, అయోడిన్ 0.010తో మొదలై HI అసలు లేకపోతే x కు రెండు జవాబులు వస్తాయి: 0.0094, 0.0230. ఉన్న అయోడినే 0.010 అయినప్పుడు 0.0230 ఖర్చుపెట్టడం కుదరదు. కాబట్టి మొదటిదే నిజం.

జవాబు సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒకరిని అడగనక్కర్లేదు. వచ్చిన గాఢతలను మళ్లీ భాగహారంలో పెట్టి చూడండి. మొదటి బుడ్డికి 0.0551 వర్గాన్ని 0.00747 వర్గంతో భాగిస్తే 54.4 వస్తుంది. ఆ కాస్త తేడా అంకెలు కుదించి రాయడం వల్ల వచ్చిందే.

ఒక్క హద్దు గుర్తుంచుకోవాలి. Q, K ల పోలిక దిక్కు చెబుతుంది, వేగం చెప్పదు. ఇదే హైడ్రోజన్, అయోడిన్‌లను మామూలు గది వేడిలో ఉంచితే, చర్య ముందుకే పోవాలని లెక్క చెప్పినా, రోజులు గడిచినా చెప్పుకోదగ్గ మార్పు కనబడదు. అందుకే ఇలాంటి లెక్క ఎదురైనప్పుడు ముందు వేడి ఎంతో చూసి ఆ వేడికి తగిన K తీసుకోండి. తర్వాత Q కట్టి దిక్కు తేల్చుకోండి. x రాయడం ఆ తర్వాతే.