సంచి విప్పని రౌటర్లు

హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం, విశాఖపట్నంలో శాఖ ఉన్న ఒక బ్యాంకు ఉందనుకుందాం. అలాగే ఒక ఆసుపత్రి కూడా ఉంది. రెండూ ఒకే టెలికం ఆపరేటర్ దగ్గర లైన్లు తీసుకున్నాయి. బ్యాంకు విశాఖ శాఖలో ఒక కంప్యూటర్ అడ్రస్ 10.1.1.20. ఆసుపత్రి విశాఖ శాఖలో కూడా ఒక కంప్యూటర్ అడ్రస్ సరిగ్గా అదే. ఇందులో ఎవరి తప్పూ లేదు. 10తో మొదలయ్యే అడ్రస్‌లను ఎవరైనా తమ సంస్థ లోపల వాడుకోవచ్చు. చిక్కల్లా ఆపరేటర్‌కే. ఇద్దరి సమాచారమూ ఒకే ఫైబర్ మీద వెళ్తోంది. మరి 10.1.1.20కి వెళ్లాల్సిన ప్యాకెట్ (సమాచారపు చిన్న మూట) బ్యాంకుకు చేరాలా, ఆసుపత్రికి చేరాలా?

మామూలు రౌటింగ్ దగ్గర దీనికి జవాబు లేదు. అందులో ప్రతి రౌటర్ (దారి చూపే యంత్రం) ప్యాకెట్ మీదున్న గమ్యం అడ్రస్ చూస్తుంది, తన పట్టికలో వెతుకుతుంది, పక్క రౌటర్‌కు అందిస్తుంది. ఆ రౌటర్ మళ్లీ మొదటినుంచి అదే పని చేస్తుంది. ఒక అడ్రస్‌కు పట్టికలో ఒకే అర్థం ఉంటుంది. పైగా దారిలోని ప్రతి రౌటర్‌కూ ప్రతి గమ్యమూ తెలిసి ఉండాలి. ఇంటర్నెట్‌లో ఇప్పుడు ఐపీవీ4 గమ్యాల పట్టికే దాదాపు పది లక్షల వరుసలుంటుంది.

ఆపరేటర్లు ఇక్కడ వాడే పద్ధతి పేరు ఎంపీఎల్ఎస్, అంటే మల్టీప్రోటోకాల్ లేబుల్ స్విచింగ్. దీని మూల నిర్మాణాన్ని వివరించే ప్రమాణ పత్రం RFC 3031, 2001 జనవరిలో వెలువడింది. రైల్వే తపాలా తెలిసినవారికి ఈ ఆలోచన కొత్తది కాదు. విశాఖ ఉత్తరాలన్నీ హైదరాబాద్‌లోనే ఒక సంచిలో వేసి, మూతి కట్టి, చీటీ తగిలిస్తారు. మధ్య స్టేషన్లలో ఆ సంచిని ఎవరూ విప్పరు. చీటీ చూసి తర్వాతి బండి ఎక్కిస్తారు. ఎంపీఎల్ఎస్‌లో ఆ చీటీయే లేబుల్. ఒక్కో లేబుల్ నాలుగు బైట్లు. అందులో 20 బిట్లు ఒక అంకె, మిగతావి చిన్నచిన్న గుర్తులు. తపాలా సంచికీ దీనికీ ఒక తేడా ఉంది. ఇక్కడ చీటీ మీది అంకె అడుగడుగునా మారుతుంది.

ఇప్పుడు బ్యాంకు ప్యాకెట్ వెంట నడుద్దాం. మన ఆపరేటర్ దారి హైదరాబాద్, విజయవాడ, రాజమండ్రి, విశాఖ. రెండు కొసల్లోనూ అంచు రౌటర్లు, మధ్యలో రెండు నడిమి రౌటర్లు.

లేబుల్ అంకెలు ముందే నిర్ణయమై ఉంటాయి. ప్యాకెట్‌ను అందుకోబోయే రౌటరే, ఏ అంకెతో పంపాలో పంపేవారికి చెబుతుంది. విశాఖ అంచు రౌటర్ హైదరాబాద్ అంచు రౌటర్‌కు బీజీపీ (రౌటర్లు దారుల సమాచారం చెప్పుకునే పద్ధతి) ద్వారా ఇలా చెబుతుంది: బ్యాంకు ప్యాకెట్లకు 310 వేయి, ఆసుపత్రి ప్యాకెట్లకు 415 వేయి. ఇది లోపలి చీటీ. విశాఖ వరకు చేర్చే పై చీటీ అంకెలను మాత్రం పక్కపక్క రౌటర్లు ఎల్‌డీపీ (లేబుళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా చెప్పుకుంటాయి. హైదరాబాద్‌కు విజయవాడ 24 అని చెప్పింది. విజయవాడకు రాజమండ్రి 57 అని చెప్పింది.

బ్యాంకు లైన్ తగిలించిన పోర్టులోంచి ప్యాకెట్ హైదరాబాద్ రౌటర్‌లోకి వస్తుంది. ఏ పోర్టులోంచి వచ్చిందన్న దాన్నిబట్టే అది ఎవరిదో తెలిసిపోతుంది. ఆ రౌటర్ బ్యాంకుకు కేటాయించిన విడి పట్టికలో గమ్యం చూస్తుంది. ముందు 310, దానిపైన 24 తగిలిస్తుంది. విజయవాడ 24 చూసి, దాన్ని 57గా మార్చి పంపుతుంది. 310 ఏమిటో దానికి తెలియదు, తెలియనక్కర్లేదు. రాజమండ్రి పై చీటీని తీసేస్తుంది. ఇంకొక్క అడుగే మిగిలింది కాబట్టి దానితో ఇక పనిలేదు. విశాఖకు 310 ఒక్కటే కనిపిస్తుంది. దాన్ని తీసి, ప్యాకెట్‌ను బ్యాంకు లైన్‌లోకి వదులుతుంది. ఆసుపత్రి ప్యాకెట్ కూడా 24, 57 మీదుగానే వస్తుంది. లోపల 415 ఉంటుంది కాబట్టి వేరే లైన్‌లోకి పోతుంది. మధ్యలో 10.1.1.20ని ఎవరూ చదవలేదు.

ఎంపీఎల్ఎస్ వేగం కోసమని చాలామంది అనుకుంటారు. 1990ల నడుమ ఆ మాటలో కొంత నిజం ఉండేది. పెద్ద పట్టికలో అడ్రస్ వెతకడం కన్నా చిన్న అంకెను పోల్చడం తేలిక. తర్వాత రౌటర్ల చిప్‌లు అడ్రస్‌లను కూడా అంతే చురుగ్గా వెతకడం నేర్చాయి. అయినా ఆపరేటర్లు దీన్ని వదల్లేదు. కారణం, నడిమి రౌటర్లకు ఖాతాదారుల గురించి ఏమీ తెలియనక్కర్లేకపోవడం. రేపు ఇంకో వంద సంస్థలు చేరినా మార్పులు అంచుల్లోనే జరుగుతాయి. విజయవాడ, రాజమండ్రి రౌటర్లను ముట్టుకోవాల్సిన పని లేదు. వాటికి తెలియాల్సింది అంచు రౌటర్లకు దారి మాత్రమే.

ఈ సౌకర్యంతోపాటే ఒక ప్రత్యేకమైన చిక్కు కూడా వస్తుంది. విజయవాడ, రాజమండ్రి మధ్య ఫైబర్ బాగానే ఉంది, మామూలు రౌటింగ్ బాగానే ఉంది, ఎల్‌డీపీ సంబంధం మాత్రం తెగిందనుకుందాం. విజయవాడకు ఇక 57 అనే అంకె తెలియదు. బ్యాంకు ప్యాకెట్ వచ్చినప్పుడు పై చీటీ తీసేస్తే లోపల 310 బయటపడుతుంది. దాని అర్థం విశాఖకే తెలుసు. ప్యాకెట్ అక్కడే పడిపోతుంది.

బ్యాంకు ఫిర్యాదు చేస్తుంది. ఇంజనీర్ హైదరాబాద్ అంచు రౌటర్ నుంచి విశాఖ అంచు రౌటర్‌కు పింగ్ చేస్తాడు. జవాబు చక్కగా వస్తుంది. ఆ పింగ్ ప్యాకెట్‌కు పై చీటీ ఒక్కటే ఉంటుంది. అది పోయినా లోపల విశాఖ రౌటర్ అడ్రస్ ఉంటుంది. ఆ అడ్రస్‌కు దారి విజయవాడకు తెలుసు కాబట్టి మామూలు రౌటింగ్‌తోనే చేరిపోతుంది. పింగ్ నిజమే చెప్పింది గానీ, అడగాల్సిన ప్రశ్న అది కాదు. అందుకే లేబుల్ దారిని మాత్రమే పరీక్షించే పింగ్ వేరే ఉంది. సిస్కో రౌటర్లలో, విశాఖ రౌటర్ అడ్రస్ 10.255.0.4 అనుకుంటే, ఇలా కొడతారు:

```
ping mpls ipv4 10.255.0.4/32
```

ఈ ప్యాకెట్ లోపల గమ్యంగా 127తో మొదలయ్యే అడ్రస్ పెడతారు. అలాంటి అడ్రస్‌ను ఏ రౌటరూ ముందుకు పంపదు. అందుకని లేబుల్ ఊడిన చోటే అది ఆగిపోతుంది, లోపం బయటపడుతుంది. విజయవాడలో `show mpls forwarding-table` చూస్తే, పంపాల్సిన అంకె ఉండాల్సిన చోట `No Label` అని ఉంటుంది. ఇది మళ్లీ జరగకుండా ఎల్‌డీపీని, రౌటింగ్‌ను ముడిపెడతారు. లేబుళ్లు అందని లైన్‌ను రౌటింగ్ చివరి ప్రాధాన్యానికి నెట్టేస్తుంది. వేరే దారి ఉంటే ప్యాకెట్లు అటు మళ్లుతాయి.

ఇంకొక సంగతి బ్యాంకువారు తెలుసుకోవాలి. ఈ సేవను ప్రైవేట్ నెట్‌వర్క్ అంటారు. ఇక్కడ ప్రైవేట్ అంటే ఒకరి ప్యాకెట్లు మరొకరి లైన్‌లోకి పోకపోవడమే. లేబుల్ దేన్నీ సంకేత భాషలోకి మార్చదు. మధ్య రౌటర్ ప్యాకెట్‌ను చదవకపోవడం చదవలేక కాదు, అవసరం లేక. ఫైబర్ మీద చెవి పెట్టినవారికి లోపలి సమాచారం మామూలుగానే కనిపిస్తుంది. రహస్యం కావాలంటే ప్యాకెట్ హైదరాబాద్ రౌటర్‌కు చేరకముందే బ్యాంకు తన తాళం తానే వేసుకోవాలి. సంచికి చీటీ కట్టడమే ఆపరేటర్ పని.